అధ్యాయ సారాంశం ఎంతవరకు పనికొస్తుంది: ఉష్ణగతికశాస్త్రం చదువుతున్న ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక లేఖ

"సార్, థర్మోడైనమిక్స్ చాప్టర్ చివర ఉన్న సారాంశం, మీరిచ్చిన ఒక పేజీ షీటు రెండూ కంఠతా వచ్చాయి. ఫార్ములా ఏది అడిగినా తడుముకోకుండా చెప్తాం. అయినా లెక్కల్లో మార్కులు పోతున్నాయి. సారాంశం చాలదా? పాఠం అంతా మళ్లీ మొదటి నుంచి చదవాలా?"

ప్రియమైన విద్యార్థులకు,

పాఠం అంతా మళ్లీ చదవనక్కరలేదు. ఒకసారి శ్రద్ధగా చదివి, లెక్కలు చేసినవాళ్లకు రెండోసారి, మూడోసారి చదవాల్సిన పనిని మంచి సారాంశం తప్పిస్తుంది. ఏ సూత్రం దేని తర్వాత వస్తుందో గుర్తుచేస్తుంది, పరీక్ష ముందురోజు రాత్రి నలభై పేజీలు తిరగేసే శ్రమ లేకుండా చేస్తుంది, పాఠం మొదలుపెట్టేముందు ఒకసారి చూసుకుంటే ఎటు వెళ్తున్నామో తెలుస్తుంది. ఈ పనులకు దాన్ని నిస్సంకోచంగా వాడుకోండి. అయితే ఒక సూత్రం ఏ షరతుల మీద నిలబడిందో తెలియాలంటే దాని ఉత్పాదన చదవాలి, గ్రాఫు మీ చేత్తో మీరు గీయాలి. ఈ రెండింటి స్థానాన్ని సారాంశం భర్తీ చేయలేదు. మీ మార్కులు పోతున్నది సరిగ్గా అక్కడేనని మీ జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు అర్థమైంది. అందులో నా తప్పు కూడా కొంత ఉంది, అదేమిటో కూడా చెబుతాను.

పోయిన పరీక్షలో ఇచ్చిన లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటిదే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం అభ్యాసాల్లోనూ ఉంది. సమాన పరిమాణం గల రెండు పాత్రలను ఒక స్టాప్‌కాక్‌తో కలిపారు. ఒకదానిలో 300 కెల్విన్ వద్ద ఒక మోల్ ద్విపరమాణుక ఆదర్శ వాయువు ఉంది, రెండోది పూర్తి శూన్యం. మొత్తం అమరికకు ఉష్ణబంధకం చుట్టారు, అంటే బయటి నుంచి వేడి రాదు, లోపలి నుంచి పోదు. స్టాప్‌కాక్‌ను ఒక్కసారిగా తెరిచారు. చివరి ఉష్ణోగ్రత ఎంత?

మీలో సగానికి పైగా చేసింది ఇది. వేడి మార్పిడి లేదు కాబట్టి ప్రక్రియ అడయాబాటిక్, అంటే స్థిరోష్ణకం. స్థిరోష్ణకం అనగానే నా షీటులో గడి కట్టి రాసిన `TV^(γ-1) = స్థిరాంకం` గుర్తొచ్చింది. ఘనపరిమాణం రెట్టింపైంది, γ విలువ 1.4, కాబట్టి 300ను 2 యొక్క 0.4 ఘాతంతో, అంటే 1.32తో భాగిస్తే దాదాపు 227 కెల్విన్ వచ్చింది. గుణకారంలో ఎక్కడా పొరపాటు లేదు, ప్రమాణాలు కూడా సరిగ్గా రాశారు. కానీ సరైన జవాబు 300 కెల్వినే. ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత ఇక్కడ అసలు మారదు.

ఈ తప్పు తనంతట తాను బయటపడేది కాదు. మీరు `PV^γ` వాడి చివరి పీడనం కనుక్కుంటే మొదటి పీడనంలో 0.38 వంతు వస్తుంది. ఆ పీడనాన్ని, 227 కెల్విన్‌ను, రెట్టింపైన ఘనపరిమాణాన్ని ఆదర్శ వాయు సమీకరణంలో వేసి చూస్తే చక్కగా సరిపోతాయి. ఒక తప్పు ఇంకొక తప్పుకు సాక్ష్యం చెబుతున్నా, సరిచూసుకున్నామన్న తృప్తితో మీరు తర్వాతి లెక్కకు వెళ్లిపోయారు. అసలు పీడనం మొదటిదానిలో సగం.

ఇది తప్పని పట్టుకోవడానికి దారి ఒక్కటే, శక్తి లెక్క అడగడం. వాయువు 300 నుంచి 227 కెల్విన్‌కు చల్లబడిందంటే దాని అంతర్గత శక్తి `nCv` ఇంతలు 73, అంటే సుమారు 1,510 జౌళ్లు తగ్గిందని అర్థం. ఆ 1,510 జౌళ్లు ఎవరికి చేరాయి? వేడి రూపంలో బయటికి పోయే వీలు లేదు, ఎందుకంటే చుట్టూ ఉష్ణబంధకం ఉంది. పని రూపంలో పోవాలంటే వాయువు దేన్నైనా నెట్టి ఉండాలి, కానీ అవతల ఉన్నది శూన్యం, నెట్టడానికి పిస్టన్ లేదు. పుచ్చుకున్నవారే లేనప్పుడు శక్తి తగ్గిందనడానికి వీల్లేదు. `ΔQ = 0`, `ΔW = 0`, కాబట్టి `ΔU = 0`. ఆదర్శ వాయువు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత మారలేదు.

అలాంటప్పుడు సూత్రం ఎందుకు తప్పింది? పాఠంలో దాని ఉత్పాదన ఉన్న పేజీ తెరవండి, నాలుగు మెట్లే ఉన్నాయి. వేడి మార్పిడి లేదు కాబట్టి `dU = -dW` అనేది మొదటి మెట్టు. `dU` స్థానంలో `nCv dT` రాయడం రెండోది, దీనికి ఆదర్శ వాయువు కావాలి. `dW` స్థానంలో `P dV` రాయడం మూడోది. `P` స్థానంలో `nRT/V` పెట్టి సమాకలనం చేయడం నాలుగోది. మీరు మూడో మెట్టు దగ్గర ఒక నిమిషం ఆగాలి. అక్కడ `P` అంటే వాయువు పీడనం. ఆ మెట్టు చెల్లాలంటే ప్రతి క్షణం వాయువు మొత్తానికి ఒకే పీడనం అంటూ ఒకటి ఉండాలి, బయటి నుంచి ఎదురునిలిచే పీడనం దాదాపు దానితో సమానంగా ఉండాలి. స్టాప్‌కాక్ తెరిచిన క్షణంలో ఎడమ పాత్రలో ఒక పీడనం, కుడి పాత్రలో మరొకటి, మధ్య గొట్టంలో వాయువు సుడులు తిరుగుతూ దూసుకుపోతోంది. ఆ స్థితిలో "వాయువు పీడనం ఎంత" అన్న ప్రశ్నకే అర్థం లేదు. అర్థం లేని `P`ని పట్టుకుని సమాకలనం చేయలేం. పుస్తకం దీన్నే క్వాసీ స్టాటిక్ ప్రక్రియ అనే మాటలో ఇమిడ్చింది. నా షీటులో ఆ మాట లేదు. ఒక పేజీలో అన్నీ పట్టించాలన్న తాపత్రయంతో నేనే కొట్టేశాను.

అంతేకాదు, నా షీటులో ఇంకొక వాక్యం కూడా ఉంది: "సమోష్ణోగ్రతా ప్రక్రియ నెమ్మదిగా జరుగుతుంది, స్థిరోష్ణక ప్రక్రియ వేగంగా జరుగుతుంది." చాలా గైడ్లలోనూ ఈ వాక్యమే ఉంటుంది. దీన్ని కంఠతా పట్టినవాళ్లకు స్టాప్‌కాక్ ఒక్కసారిగా తెరిచారనగానే, వేగంగా జరిగింది కాబట్టి ఇది అచ్చమైన స్థిరోష్ణక సూత్రం వాడాల్సిన చోటే అనిపించడం సహజం. వేగంగా అంటే దేనితో పోలిస్తే అన్న ముక్క లేకపోవడం వల్ల ఆ వాక్యం మిమ్మల్ని సరిగ్గా తప్పుదోవలో నడిపించింది.

సైకిల్ పంపుతో చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. పంపు చివర వేలితో మూసి, పిడిని గట్టిగా లోపలికి నొక్కండి. ఒక నొక్కు పూర్తి కావడానికి అర సెకను పడుతుందనుకుందాం. లోపలి గాలి వేడి పంపు గోడల గుండా బయటికి పోవడానికి ఆ అర సెకను చాలదు, అందుకే గాలి వేడెక్కి, నాలుగైదు నొక్కుల తర్వాత గొట్టం అడుగు చేతికి వెచ్చగా తగులుతుంది. వేడి పోకతో పోలిస్తే మీ నొక్కు వేగమైనది. అదే సమయంలో, గాలి లోపల పీడనం సర్దుకోవడం ధ్వని వేగంతో జరుగుతుంది. ముప్పై సెంటీమీటర్ల గొట్టాన్ని ధ్వని ఒక చివర నుంచి ఇంకో చివరకు దాటడానికి పట్టేది దాదాపు ఒక మిల్లీసెకను. అర సెకనులో అలాంటివి ఐదు వందలు ఉంటాయి. పీడనం సర్దుకోవడంతో పోలిస్తే మీ నొక్కు చాలా నెమ్మదైనది. `PV^γ` సూత్రానికి ఈ రెండూ కావాలి: వేడి తప్పించుకోలేనంత వేగం, పీడనం అంతటా సమానమయ్యేంత నెమ్మది. స్టాప్‌కాక్ లెక్కలో మొదటిది ఉంది, రెండోది లేదు.

ఇదంతా సారాంశంలో పెట్టొచ్చు కదా అని మీరు అడగవచ్చు. కొంత పెట్టొచ్చు, పెట్టాలి కూడా. చెడ్డ సారాంశంలో "అడయాబాటిక్: `PV^γ = స్థిరాంకం`" అని ఒక ముక్క మాత్రమే ఉంటుంది. నా కొత్త షీటులో అదే అంశం ఇలా ఉండబోతోంది: "`PV^γ = స్థిరాంకం`. ఆదర్శ వాయువు, వేడి మార్పిడి లేదు, ప్రతి క్షణం వాయువుకు ఒకే పీడనం ఉండేంత నెమ్మది. మూడో షరతు `dW = P dV` అన్న మెట్టు దగ్గర వచ్చింది. శూన్యంలోకి వ్యాకోచానికి వాడరాదు." చోటు నాలుగు రెట్లు పట్టింది, షీటు ఒక పేజీ నుంచి మూడు పేజీలైంది, అయినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఉత్పాదన ఒక్కసారైనా సొంతంగా చేయనివారికి ఆ మూడో షరతు బట్టీ పట్టాల్సిన ఇంకొక వాక్యం మాత్రమే అవుతుంది. "శూన్యంలోకి" అన్న మాట ప్రశ్నలో కనిపిస్తే గుర్తుపడతారు. అదే ప్రశ్నను పిస్టన్‌ను ఒక్కసారిగా వదిలేశారని, బయటి పీడనం స్థిరంగా ఉందని మార్చి అడిగితే మళ్లీ `PV^γ` దగ్గరికే వెళ్తారు. అక్కడ వాయువు చేసే పని బయటి పీడనాన్ని ఘనపరిమాణంలో మార్పుతో గుణిస్తే వచ్చేది. మూడో మెట్టు ఎందుకు ఉందో తెలిసినవాళ్లకు అది ఎవరూ చెప్పకుండానే తడుతుంది.

గ్రాఫుల సంగతికి వస్తాను. "స్థిరోష్ణక రేఖ వాలు సమోష్ణోగ్రతా రేఖ వాలుకు γ రెట్లు" అనే వాక్యం మీ అందరికీ వచ్చు. ఒకే మోల్, ఒకే 300 కెల్విన్ నుంచి మొదలై, ఘనపరిమాణం రెట్టింపయ్యేదాకా వ్యాకోచించే సందర్భంలో ఏ ప్రక్రియలో పని ఎక్కువ అని అడిగితే సమోష్ణోగ్రతా ప్రక్రియ అని సరిగ్గానే చెప్పారు. సమోష్ణోగ్రతా వ్యాకోచంలో సుమారు 1,730 జౌళ్లు, స్థిరోష్ణకంలో పైన మనం చూసిన 1,510. కానీ సగానికి సంపీడనం చెందించడానికి ఏ ప్రక్రియలో ఎక్కువ పని చేయాలి అన్న ప్రశ్నకూ చాలామంది సమోష్ణోగ్రతా ప్రక్రియ అనే రాశారు. కాగితం మీద ఒక బిందువు పెట్టి, దాని గుండా రెండు రేఖలూ రెండు వైపులకూ సాగేలా గీయండి. కుడివైపు, అంటే వ్యాకోచంలో, నిటారుగా ఉన్న స్థిరోష్ణక రేఖ కిందికి జారిపోతుంది, దాని కింద వైశాల్యం తక్కువ. ఎడమవైపు, అంటే సంపీడనంలో, అదే రేఖ పైకి లేస్తుంది, వైశాల్యం ఎక్కువ. లెక్క వేస్తే సమోష్ణోగ్రతా సంపీడనానికి మళ్లీ 1,730 జౌళ్లు, స్థిరోష్ణకానికి సుమారు 1,990.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. ఘనపరిమాణం సగమయ్యేదాకా అనడానికి బదులు పీడనం రెట్టింపయ్యేదాకా సంపీడనం చెందించాలంటే జవాబు మళ్లీ తారుమారవుతుంది. స్థిరోష్ణక ప్రక్రియలో వాయువు వేడెక్కుతుంది కాబట్టి ఘనపరిమాణం సగానికి రాకముందే పీడనం రెట్టింపైపోతుంది, పిస్టన్ అంత దూరం పోనక్కరలేదు. పని సుమారు 1,370 జౌళ్లే, సమోష్ణోగ్రతా సంపీడనపు 1,730 కంటే తక్కువ. ఈ మూడు జవాబులను మూడు వాక్యాలుగా సారాంశంలో ఎక్కిస్తే పరీక్ష హాలులో ఏది దేనిదో కలగాపులగం అవుతుంది. అదే గ్రాఫు గీసే అలవాటు ఉంటే మూడింటిలో ఏదీ కంఠతా పట్టాల్సిన పని లేదు. పుస్తకంలో అచ్చయిన గ్రాఫును చూసి ఊరుకోవడం కూడా సరిపోదు. అందులో సాధారణంగా వ్యాకోచం వైపు సగమే గీసి ఉంటుంది, మీ జవాబు ఆ సగం దగ్గరే ఆగిపోవడానికి కారణం కూడా అదేననుకుంటాను.

మరో పొరపాటు చిన్నదే కానీ ఎంపీసీ, బైపీసీ వాళ్లందరికీ తప్పకుండా ఎదురవుతుంది. మొదటి నియమాన్ని ఫిజిక్స్ పుస్తకంలో `ΔQ = ΔU + ΔW` అని రాస్తాం, అక్కడ `ΔW` వాయువు చేసిన పని. కెమిస్ట్రీ పుస్తకంలో `ΔU = q + w` అని రాస్తారు, అక్కడ `w` వాయువు మీద జరిగిన పని. రెండు సారాంశాలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు ఈ తేడా గమనించరు, ఎందుకంటే రెండు చోట్లా ఒక్క గీతే ఉంటుంది, ఆ అక్షరం ఎవరు చేసిన పనిని సూచిస్తుందో రాసి ఉండదు. వాయువు మీద 200 జౌళ్ల పని చేశారు, అది 80 జౌళ్ల వేడిని వదిలింది అనుకోండి. ఫిజిక్స్ పద్ధతిలో `ΔQ` -80, `ΔW` -200, కాబట్టి `ΔU` 120. కెమిస్ట్రీ పద్ధతిలో `q` -80, `w` +200, అయినా 120నే. ఒక పుస్తకం గుర్తును ఇంకో పుస్తకం సూత్రంలో పెడితే -280 వస్తుంది. వాయువు మీద పని చేసి, అందులో కొంతే వేడిగా పోతే, అంతర్గత శక్తి తగ్గుతుందా పెరుగుతుందా అని ఒక్క క్షణం ఆలోచిస్తే గుర్తు తప్పిందని తెలిసిపోతుంది. దీనికి మాత్రం పాఠమంతా చదవాల్సిన పని లేదు, మీ సారాంశంలో ఫిజిక్స్ సూత్రం పక్కనే "వాయువు చేసిన పని ధనాత్మకం" అని రాసుకుంటే చాలు. గుర్తుల విషయంలో జాగ్రత్తగా రాసిన సారాంశం పాఠం కంటే మెరుగని కూడా అంటాను, పాఠంలో అది ఎక్కడో ఒక వాక్యం మధ్యలో దాగి ఉంటుంది.

ఇంకొక్క విషయం, పరీక్షకు నేరుగా పనికిరాకపోయినా చెప్పాలనిపిస్తోంది. శూన్యంలోకి వ్యాకోచించినప్పుడు ఉష్ణోగ్రత మారదని చాలా సారాంశాలు "ఆదర్శ" అన్న మాట లేకుండా రాస్తాయి. ఈ ప్రయోగాన్ని జౌల్ చేసి 1845లో ప్రచురించాడు. సుమారు 22 వాతావరణాల పీడనంతో గాలి నింపిన పాత్రను, ఖాళీ చేసిన ఇంకొక పాత్రను కలిపి నీటిలో ముంచి, మధ్య కుళాయి తిప్పాడు. నీటి ఉష్ణోగ్రతలో మార్పు కనిపించలేదు. లోపలి గాలితో పోలిస్తే చుట్టూ ఉన్న నీటికి, పాత్రల లోహానికి ఉష్ణ సామర్థ్యం ఎంతో ఎక్కువ కాబట్టి, గాలి కొద్దిగా చల్లబడినా ఆయన థర్మామీటరుకు అందేది కాదు. తర్వాత 1850లలో థామ్సన్‌తో కలిసి, వాయువును సచ్ఛిద్ర బిరడా గుండా పంపే వేరొక ప్రయోగంలో గాలి వంటి నిజ వాయువులు కొద్దిగా చల్లబడటం చూశారు. అణువుల మధ్య ఆకర్షణ ఉన్న వాయువు శూన్యంలోకి వ్యాకోచించినా కొంచెం చల్లబడుతుంది. "మారదు" అన్న ఒక్క క్రియాపదం వెనక ఇంత కథ ఉంది, అది ఏ ఒక్క పేజీలోనూ పట్టదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. మీ సారాంశంలోని ఒక్కొక్క సూత్రం మీద వేలు పెట్టి, ఇది పనిచేయని సందర్భం ఒకటి చెప్పగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. చెప్పగలిగితే ఆ సూత్రానికి సంబంధించినంతవరకు సారాంశం మీకు చాలు, పాఠం తెరవకండి. చెప్పలేకపోతే ఆ ఒక్క ఉత్పాదన ఉన్న పేజీ తీసి, పుస్తకం మూసి తెల్లకాగితం మీద చేసి, ఏ మెట్టు దగ్గర ఏ షరతు వచ్చిందో మార్జిన్‌లో రాయండి. ఈ అధ్యాయంలో అలా తెరవాల్సిన పేజీలు ఐదారు మించవు. ఈఏపీసెట్ కోసం అచ్చులో దొరికే ఫార్ములా పుస్తకం మీద కూడా ఇలాగే చేయవచ్చు, దాన్ని పారేయమని నేను అనను. మార్జిన్ ఖాళీగా ఉన్నంతకాలం మాత్రం అది మీ సారాంశం కాదు, రాసినవారిది.

సోమవారం క్లాసుకు ఆ కాగితాలు తీసుకురండి. స్టాప్‌కాక్ లెక్కకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో నాలుగో భాగం ఒకటి ఉంది: వ్యాకోచం జరుగుతున్నప్పుడు మధ్యలోని స్థితులు ఆ వాయువు పీడన-ఘనపరిమాణ-ఉష్ణోగ్రతా తలం మీద ఉంటాయా? మీలో ఎక్కువమంది దాన్ని వదిలేశారు. పైన మూడో మెట్టు గురించి రాసిన పేరాను మళ్లీ ఒకసారి చూసి, దానికి జవాబు రెండు వాక్యాల్లో రాసి తీసుకురండి.

మీ ఫిజిక్స్ లెక్చరర్